మైనం చల్లారేదాకా

మా పని గురించి అడిగేవాళ్లంతా చెక్కడం గురించే అడుగుతారు. ఒకే పనస దుంగలోంచి కుండ, దండి, తల అన్నీ ఎలా తీస్తారు, యాళి మొహం చెక్కడానికి ఎన్ని రోజులు పడుతుంది, మధ్యలో కర్ర పగిలితే ఏం చేస్తారు అని. బొబ్బిలి పక్కన మా గొల్లపల్లి వచ్చి ఫొటోలు తీసుకునేవాళ్లు కూడా బాడిస పట్టుకున్న చేతినే తీస్తారు. చూడ్డానికి అదే బాగుంటుంది, కాదనను. కానీ చెక్కడం పూర్తయిన వీణ ఇంకా వీణ కాదు. అందమైన కర్ర, అంతే. దానికి మేళం కట్టాలి.

మేళం కట్టడమంటే దండి మీద 24 మెట్లు నిలబెట్టడం. సితారుకైతే మెట్లు దారంతో కడతారు, కావాలంటే జరుపుకోవచ్చు. గిటారుకి చెక్కలోకి దిగ్గొడతారు. వీణకి ఆ రెండూ కాదు. దండికి రెండు పక్కలా నల్లటి మైనం గట్లు పోసి, ఇత్తడి మెట్లని ఆ మైనంలో కూర్చోబెడతాం. మైనం చల్లారితే మెట్టు నిలుస్తుంది. ఎక్కడ నిలిచిందో అదే ఇక ఆ వీణకి ఆ స్వరం. వెంట్రుకవాసి తేడా వచ్చినా, వాయించేవాళ్లు మళ్లీ మేళం కట్టించుకునేదాకా ఆ స్వరం కాలు బెణికిన మనిషిలా నడుస్తుంది.

బాబాయి దగ్గర నేను పన్నెండేళ్లు పని చేశాను. బాబాయి అంటే చుట్టరికం కాదు, మొదటి రోజు అలా పిలిచాను, అలాగే ఉండిపోయింది. దుంగ తొలవడం, పలక దించడం, తలకి నగిషీ, రంగు, అన్నీ నా చేతికి వచ్చాయి. మాకు రోజూ తిండి పెట్టే చిన్న వీణలు, అంటే సన్మానాల్లో శాలువాతో పాటు చేతిలో పెడతారే, అవైతే పూర్తిగా నేనే చేసేవాణ్ని. వాటి మెట్లకి చెవి అక్కర్లేదు. వరసగా కనిపిస్తే చాలు. పెద్ద వీణ మేళం మాత్రం బాబాయే కట్టేవాడు.

అది కూడా రాత్రి పూటే. రోడ్డు మీద లారీలు తగ్గాక, పది దాటాక మొదలెట్టేవాడు. ఫ్యాను కట్టెయ్యాలి. ఒకటి, దాని చప్పుడు. రెండు, గాలి తగిలిన వైపు మైనం ముందు గట్టిపడి మెట్టు ఒక పక్కకి లాగేస్తుంది. నా పని కుంపటి దగ్గర కూర్చుని ఇనప బద్దలు కాల్చి అందించడం. ఆ రెండు మూడు గంటలూ ఆయన ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. బల్ల మీద వేలితో ఒకసారి కొడితే బద్ద కావాలని, రెండుసార్లు కొడితే దీపం దగ్గరికి తెమ్మని. అరచెయ్యి ఎత్తితే కదలొద్దని. చెవి పని చేస్తున్నప్పుడు నోరు అడ్డం అనుకునేవాడో, లేక ఆయన స్వభావమే అంతో నాకు తెలీదు. మామూలప్పుడు కూడా పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఇది ఇలా ఎందుకు అని నేనూ అడగలేదు. అడిగితే చెప్పేవాడేమో. కానీ చెప్పినంత మాత్రాన చెవికి వచ్చే పని కాదది.

సంక్రాంతి వెళ్లిన వారానికి ఆయన పోయాడు. అంతకు ముందు రెండు నెలలు విశాఖపట్నం ఆసుపత్రికీ ఇంటికీ తిరగడమే సరిపోయింది. పెద్దకర్మ అయ్యాక కొడుకు నాలుగు రోజులుండి హైదరాబాద్ వెళ్లిపోయాడు. వెళ్లే ముందు షెడ్డులోకి వచ్చాడు. గోడకి వరసగా ఆనించిన దుంగలు చూశాడు, వాళ్ల నాన్న కూర్చునే పీట చూశాడు, నా భుజం మీద చెయ్యి వేసి బయటికి వెళ్లాడు. షెడ్డు ఏం చెయ్యాలి అన్న మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్న వెళ్లేసరికి షెడ్డు తాళం అరుగు మీద ఉంది. పక్కనే బాబాయి లెక్కల పుస్తకం. పిన్ని లోపల బియ్యం ఏరుకుంటోంది.

"టీ తాగేవేటి?" అంది.

"తాగేను పిన్నీ" అన్నాను. తాళం తీసుకున్నాను.

పుస్తకంలో చివరి పేజీలో మూడు పద్దులున్నాయి. మూడింటి పక్కనా అడ్వాన్సు ముట్టినట్టు రాసుంది. ఆ డబ్బు ఎక్కడికి వెళ్లిందో నాకు తెలుసు, బస్సులకీ మందులకీ నేనే పట్టుకెళ్లాను. మొదటిది కొత్త వీణ, చెక్కడం నేను పూర్తి చేసేశాను, మేళం కట్టాలి. రెండోది విజయనగరం సంగీతం టీచరుగారి పాత వీణ, మేళం విప్పి మళ్లీ కట్టాలి. మూడోదానికి దుంగ మాత్రమే ఉంది, అది కూడా ఇంకా ఆరాలి. అడ్వాన్సు తిరిగి ఇద్దామంటే డబ్బు లేదు. వేరే ఎవరి చేతైనా మేళం కట్టించొచ్చు, మా ఊళ్లో ఆ పని తెలిసిన చేతులకి కొదవ లేదు. కానీ ఒకసారి బయటికి పంపితే ఆ తర్వాత ఈ షెడ్డులో చిన్న వీణలే మిగుల్తాయి.

టీచరుగారి వీణ ముందు తీశాను. అది బాబాయే ఇరవై ఏళ్ల కిందట చేసింది. ఆయన చేతి వీణని ఆయన లేకుండా విప్పడం ఎలా ఉంటుందో ముందే అనుకుంటే కష్టం. అందుకే తీగలు వదులు చెయ్యడం మొదలుపెట్టేశాను.

ఏళ్ల తరబడి వాయించిన వీణలో రెండు అరుగుతాయి. సారణి తీగ కింద మెట్ల మీద సన్నటి గాడి పడుతుంది, తీగని పక్కకి లాగి గమకం పట్టే చోట మరీను. అప్పుడు వేలు ఆ గాట్లో తట్టుకుంటుంది. మైనం కూడా ముసలిదవుతుంది. ఎండాకాలం మెత్తబడి, చలికాలం బిగుసుకుని, కొన్నేళ్లకి బీటలిస్తుంది. మెట్టు కనపడకుండా కదుల్తుంది. గోరుతో మెట్టుని తట్టి చూస్తే తెలుస్తుంది. గట్టిగా ఉన్నది టిక్కుమంటుంది, కదిలింది టప్పుమంటుంది. ఆ వీణకి తొమ్మిది మెట్లు టప్పుమన్నాయి.

కాల్చిన బద్ద ఆనించి ఒక్కో మెట్టూ ఊడదీశాను. వాటిని వరస తప్పకుండా చెక్క మీద పేర్చుకోవాలి, ఒకదాని చోట ఒకటి కూర్చోదు. గాడి పడినవాటిని ఆకురాయితో పల్చగా అరగదీసి, నున్న కాగితంతో మెరుగు పెట్టాను. పాత మైనం గీకేస్తే కింద పనసకర్ర బయటపడింది. దాని మీద గీతలు కనిపించాయి.

ప్రతి మెట్టు చోటా దండి అంచున కత్తిమొనతో పెట్టిన గీత. మొదటి మెట్ల దగ్గర ఒక్కొక్కటే ఉంది. పైస్థాయికి వెళ్లేకొద్దీ ఒక్కో చోట రెండేసి ఉన్నాయి. ఒకటి సన్నంగా, దానికి బియ్యపుగింజ మందం దూరంలో, తల వైపుకి, ఇంకోటి లోతుగా.

ఇది ఎందుకో చెప్పాలంటే కొంచెం లెక్క చెప్పాలి. తీగ పుట్టే చోటుని మేరువు అంటాం, ఆగే చోటు గుర్రం. ఆ రెండింటి మధ్య 33 అంగుళాలు ఉందనుకోండి. సరిగ్గా సగంలో, పదహారున్నర దగ్గర, పన్నెండో మెట్టు పెడితే పైస్థాయి షడ్జం రావాలి. మేరువు నుంచి మూడోవంతులో, 11 అంగుళాల దగ్గర, ఏడో మెట్టు పెడితే పంచమం. నాలుగోవంతులో ఐదో మెట్టు, శుద్ధ మధ్యమం. లెక్క ప్రకారం అంతే. కానీ తీగని మెట్టు మీదికి నొక్కినప్పుడు అది కొంచెం సాగుతుంది. సాగితే బిగుస్తుంది, బిగిస్తే స్వరం పైకి పోతుంది. గుర్రం వైపు వెళ్లేకొద్దీ తీగకీ మెట్టుకీ మధ్య ఎడం ఎక్కువ, కాబట్టి నొక్కుడూ ఎక్కువ. ఆ పెరిగినంతా సరిపోవాలంటే మెట్టుని లెక్క చెప్పిన చోటు నుంచి కాస్త తల వైపుకి జరపాలి. ఎంత జరపాలో ఏ కొలతబద్దా చెప్పదు. సన్న గీత కొలతది. లోతు గీత చెవిది. బాబాయి ముందు కొలిచి, తర్వాత విని, మళ్లీ గీసుకున్నాడన్నమాట. పన్నెండేళ్లు పక్కనే కూర్చుని ఆయన కొలుస్తాడని కూడా నాకు తెలీదు. గీతలు పెట్టుకునే పని పగలు ఎప్పుడో చేసుకునేవాడు కాబోలు.

అయితే లోతు గీతల మీద మెట్లు కూర్చోబెట్టేస్తే పని అయిపోయినట్టే అనిపిస్తుంది కదా. నాకూ అలాగే అనిపించింది. కానీ పుస్తకంలో ఆ పద్దు పక్కన బాబాయి రెండు ముక్కలు రాశాడు: "తీగ దించాలి". టీచరుగారికి ఇప్పుడు అరవై దాటాయి. వేళ్ల కణుపులు నొప్పి. తీగకీ మెట్లకీ మధ్య ఎడం తగ్గించమని అడిగి ఉంటారు. ఎడం తగ్గితే నొక్కుడు తగ్గుతుంది. నొక్కుడు తగ్గితే స్వరం అంతగా పైకి పోదు. అంటే మెట్టుని ఇదివరకంత జరపక్కర్లేదు. ఇరవై ఏళ్ల కిందటి గీత ఇప్పటి చేతికి పనికిరాదు. కొత్త చోటు ఆ రెండు గీతల మధ్య ఎక్కడో ఉంది. పోనీ ఎడం బాగా తగ్గించేద్దామా అంటే అదీ కుదరదు. సారణిని లాగినప్పుడు తీగ ముందు మెట్టుకి తగిలి జిర్రుమంటుంది. వీణకి గమకం పోతే ఇంకేం మిగుల్తుంది.

మైనం కలపాలి. తేనెమైనం, గుగ్గిలం, మెత్తగా నూరి గుడ్డలో జల్లించిన బొగ్గుపొడి. గుగ్గిలం గట్టిదనం ఇస్తుంది. వేసవిలో కాస్త ఎక్కువ, చలికాలంలో తక్కువ. ఎక్కువైతే చలికి పెటుక్కున పగుల్తుంది, తక్కువైతే ఎండకి మెట్లు కుంగుతాయి. చూసే పద్ధతి ఒకటుంది. చుక్క నీళ్లలో వేసి, తీసి, పుల్లలా చేసి వంచాలి. వంగకుండా విరిగితే గుగ్గిలం ఎక్కువైనట్టు. వంగి, వేలిముద్ర మెత్తగా పడితే తక్కువైనట్టు. వంగి, కాస్త ఆగి విరగాలి.

మైనం డబ్బా మూత తీస్తే అడుగున ఒక ముద్ద ఉంది. కిందటిసారి మేళంలో మిగిలినది. పిసికి అలా పడేసిన ముద్ద, ఐదు వేళ్ల గుర్తులూ దాని మీద ఉన్నాయి. నేను దాన్ని పక్కన పెట్టి కొత్త మైనం పలక కోసం చూస్తున్నాను. పిన్ని కుంపట్లోకి బొగ్గులు తెచ్చింది. ముద్దని చూసింది. చేతిలోకి తీసుకుని ఒకసారి తిప్పింది, ముకుడులో వేసేసింది. అది కరిగేదాకా అక్కడే నిలబడింది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుని లోపలికి పోయింది. కొత్త మైనానికి ఆ పాత ముద్ద పట్టు ఇస్తుందని బాబాయి ఎప్పుడూ అలాగే కలిపేవాడు. ఆమెకీ తెలుసు.

రాత్రి పదిన్నరకి ఫ్యాను కట్టాను. బద్దలు కాల్చడానికి వేరే ఎవరూ లేరు. కుంపటి ఎడం చేతి వైపుకి జరుపుకున్నాను.

గట్లు పోశాక గుర్రం సంగతి ముందు తేల్చాలి, ఎందుకంటే తీగ పొడుగు నిర్ణయించేది అదే. గుర్రం మీద ఇత్తడి పలక ఉంటుంది. అది చదునుగా కనిపిస్తుంది గానీ చదును కాదు, కనీ కనపడని వంపు ఉంటుంది. తీగ దాని మీద ఒక్క చోట కాదు, కొంత మేర ఒరుసుకుంటూ వెళ్లాలి. అప్పుడే మీటిన స్వరం వెంటనే చావకుండా పొడుగ్గా నిలుస్తుంది. వంపు ఎక్కువైతే స్వరం పొట్టిదవుతుంది. మరీ చదునైతే బొంగురుపోతుంది. దీపం వెనక పెట్టి పక్క నుంచి చూస్తే తీగ కింద వెలుగు సన్నగా మొదలై మెల్లగా విచ్చుకోవాలి. ఆ పలకకీ గాళ్లు పడ్డాయి, కానీ లోతు లేవు. ఆకురాయి పెడితే పది నిమిషాల పని. పెట్టలేదు. ఆ వంపు బాబాయి తీసింది, ఆ వీణ గొంతు అందులోనే ఉంది. ఇంకో ఐదేళ్లు ఆగుతుంది. గుడ్డతో తుడిచి అలాగే నిలబెట్టాను.

ముందు పన్నెండో మెట్టు. తీగ సగంలో వేలు ఊరికే ఆనించి మీటితే, నొక్కకుండానే, పైస్థాయి షడ్జం గాజులా పలుకుతుంది. అది తీగ తనంతట తాను చెప్పే స్వరం. దానికి ఏ మెట్టుతోనూ పని లేదు. ఇప్పుడు మెట్టు మీద నొక్కి మీటాలి. రెండూ ఒకటే కావాలి. లోతు గీత మీద పెడితే నొక్కినది కొంచెం దిగువన ఉంది. అనుకున్నట్టే. సన్న గీత మీద పెడితే కొంచెం పైన. మధ్యలో, సన్న గీతకి దగ్గరగా, రెండూ కలిశాయి.

తర్వాత ఐదు, ఏడు. వీటికి పక్క తీగలే సాక్షి. పంచమం తీగ మీద ఐదో మెట్టు నొక్కితే వచ్చేది, ఖాళీగా మోగే సారణితో కలవాలి. మంద్రం తీగ మీద ఏడో మెట్టు నొక్కితే, ఖాళీ పంచమంతో కలవాలి. కలవకపోతే రెండు తీగల మధ్య ఒక అల లేస్తుంది, వావ్ వావ్ మని. మెట్టుని జరిపేకొద్దీ అల నెమ్మదిస్తుంది. అల పూర్తిగా ఆగిపోయిన చోట మెట్టు ఆగాలి. మాటలెందుకు పనికిరావో ఆ రాత్రి బాగా తెలిసింది. ఆ అల వినపడాలంటే నా ఊపిరి చప్పుడే నాకు ఎక్కువగా ఉంది.

బద్ద కావాల్సి వచ్చినప్పుడు నా వేలు బల్ల మీద ఒకసారి కొట్టింది. ఇవ్వడానికి ఎవరూ లేరని తెలిసే కొట్టింది. ఎడం చేత్తో నేనే తీసుకున్నాను.

మూడింటికి 24 మెట్లూ నిలిచాయి. కానీ నిలిచిన వెంటనే నమ్మకూడదు. మైనం చల్లారుతూ కాస్త కుంగుతుంది, మెట్టుని తనతో కిందికి లాగుతుంది. అందుకే మేళం కట్టిన రాత్రి తీర్పు చెప్పకూడదు, తెల్లారాక వినాలి. పొద్దున్న విన్నాను. పదిహేడోదీ పద్దెనిమిదోదీ కుంగాయి, వాటిని నొక్కి తీగ లాగితే గొణుగు వస్తోంది. అది బాబాయి కట్టినప్పుడూ వచ్చేదే, ఆయన రెండో రాత్రి ఎప్పుడూ దానికే. నేనూ రెండో రాత్రి కూర్చుని ఆ రెండింటినీ పైకెత్తాను. ఎత్తితే నొక్కుడు తగ్గింది కదా, మళ్లీ కొంచెం జరపాల్సొచ్చింది. ఒకటి కదిపితే దాని పక్కది, దాని పక్కది. ఓపిక ఉన్నంతసేపూ పని ఉంటుంది.

అన్నీ అయ్యాక, దండి అంచున, ఆ రెండు గీతల మధ్య, ప్రతి మెట్టు దగ్గరా కత్తిమొనతో ఒక గీత పెట్టాను. దాని మీద మైనం కప్పేశాను.

ఆదివారం టీచరుగారు వచ్చారు, మనవడు వెంట వచ్చాడు. బాబాయి ఫొటో దగ్గర చెప్పులు విడిచి ఒక నిమిషం నిలబడ్డారు. పిన్ని చేతులు పట్టుకున్నారు. తర్వాత చాప మీద కూర్చుని వీణ తీసుకున్నారు. శ్రుతి చేసుకున్నారు. మొదట రాగం ఏదీ వాయించలేదు, కింది నుంచి పైకి ఒక్కో మెట్టూ మెల్లగా నొక్కుతూ వెళ్లారు. పదిహేడు దగ్గర ఆగారు. వేలు ఊరికే ఆనించి మీటారు, నొక్కి మీటారు, సారణిని బాగా పక్కకి లాగి వదిలారు. నేను గుమ్మం పక్కన నిలబడి పనస పొట్టు ఊడుస్తున్నాను, ఊడవడానికి అక్కడ ఏమీ లేకపోయినా. ఆవిడ ముందుకి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఓ అరగంట కళ్లు మూసుకుని వాయించారు. కల్యాణి అనుకుంటాను.

లేచేటప్పుడు వేళ్లు ఒకసారి ముడిచి విప్పి చూసుకున్నారు. "నొప్పి లేదు" అన్నారు. మిగతా డబ్బు నా చేతికిచ్చారు. నేను పిన్నికిచ్చాను. పిన్ని లెక్కపెట్టి సగం విడదీసి నా జేబులో పెట్టింది. అంతకు ముందు నాకు వారం కూలీ ఉండేది. దాని గురించి అంతకంటే మాట్లాడుకోలేదు. ఇప్పటికీ అలాగే నడుస్తోంది.

పుస్తకంలో రెండో పద్దు కొట్టేశాను. మొదటి వీణ మేళం ఫిబ్రవరి చివర్లో పూర్తయింది. దాని దండి మీద గీతలన్నీ నావే, కొలతవీ చెవివీ. మూడోదాని దుంగ గోడకి ఆనించే ఉంది. కోసినప్పుడు పసుపు ముద్దలా ఉండేది, ఇప్పుడు తేనె రంగుకి తిరుగుతోంది. తట్టి చూస్తున్నాను. ఇంకా లోపల తడి ఉంది, మోత మొద్దుగా ఉంది. ఆ కొనేవాళ్లకి ఫోన్ చేసి వానలు వెళ్లేదాకా ఆగమన్నాను. ఆగుతామన్నారు.

మొన్న రాత్రి ఇంకో పాత వీణకి గట్లు పోస్తుంటే హైదరాబాద్ నుంచి ఫోన్. బాబాయి కొడుకు. ఎలా ఉన్నావు, అమ్మ ఎలా ఉంది అన్నాక కాసేపు ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను.

"షెడ్డు కరెంటు మీటరు ఇంకా నాన్న పేరునే ఉంది కదా. నీ పేరున మార్పించుకో. ఆధార్ పట్టుకెళ్తే చాలట, నేను సంతకం పెట్టాల్సింది ఏదైనా ఉంటే పంపు" అన్నాడు.

"అలాగే అన్నయ్యా" అన్నాను. మైనం గట్టిపడిపోతోంది. ఫోను బోర్లా పెట్టి బద్ద అందుకున్నాను.